స్విఫ్ట్, డిజైర్ స్పేర్ పార్ట్స్ కేటలాగ్: ఫిట్‌మెంట్ పట్టిక నుంచి తెలుగు వివరణలు (ప్రాజెక్టు డైరీ)

పని ఇది. మారుతి స్విఫ్ట్, డిజైర్ కార్లకు ఏ స్పార్క్ ప్లగ్గు, ఏ ముందు బ్రేక్ ప్యాడ్లు సరిపోతాయో ఒక పట్టికలో పెట్టాలి. ఆ పట్టిక నుంచే ప్రతి పార్టుకూ తెలుగు వివరణ తనంతట తాను తయారవ్వాలి. చేత్తో రాసిన వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. చేత్తో రాస్తే పట్టిక మారినప్పుడు వాక్యం మారదు. కొనేవాళ్లు చదివేది మాత్రం వాక్యాన్నే.

పరికరాలు: సప్లయర్ జాబితాలు తెరవడానికి లిబ్రేఆఫీస్ కాల్క్, పట్టికలకు ఎస్‌క్యూలైట్, వాక్యాలకు పైథాన్. పార్టులు 9 కోడ్లు: ప్లగ్గులు 5, ప్యాడ్లు 4. ఇంత చిన్న జాబితాలో కూడా మొదటి రన్ ప్లగ్గులకు ఇచ్చిన వరుసల్లో నాలుగింట మూడు వంతుల దాకా తప్పులే.

## దశ 1: బండ్ల పట్టిక

ముందు పార్టులను పక్కన పెట్టి బండ్ల వరుసలు రాసుకోవాలి. ఒక తరం, ఒక ఇంజిన్ కలిస్తే ఒక వరుస. సీసీ, ఇంధనం కాలమ్‌లు వదిలేస్తే పెట్రోల్ స్విఫ్ట్ వరకు ఇలా ఉంటుంది:

```
veh_id,model,gen,engine,from,to,prec
SW1G,Swift,1,G13B,2005-05,2011-01,Y
SW1K,Swift,1,K12M,2010-01,2011-08,Y
SW2K,Swift,2,K12M,2011-08,2018-02,M
SW3K,Swift,3,K12M,2018-02,2021-02,M
SW3N,Swift,3,K12N,2021-02,2024-05,M
SW4Z,Swift,4,Z12E,2024-05,,M
```

డీజిల్ స్విఫ్ట్‌కు D13A ఇంజిన్‌తో మూడు వరుసలు వస్తాయి. డిజైర్‌కు కూడా ఇదే లెక్కన తొమ్మిది. దాని తరాలు మారిన నెలలు వేరు: 2008 మార్చి, 2012 ఫిబ్రవరి, 2017 మే, 2024 నవంబరు. డిజైర్‌లోకి K12N వచ్చింది 2020 మార్చిలో, అంటే స్విఫ్ట్ కంటే దాదాపు ఏడాది ముందు. డీజిల్ రెండింటిలోనూ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రావడంతో ఆగిపోయింది.

`prec` M అయితే నెల దాకా తెలుసు, Y అయితే సంవత్సరం మాత్రమే తెలుసు. `to` నెల లెక్కలోకి రాదు. 2018-02 అని ఉంటే ఆ తరం 2018 జనవరితో ముగిసిందని అర్థం. ఇలా పెట్టుకుంటే ఒక వరుస ముగింపూ తర్వాతి వరుస మొదలూ ఒకే అంకె అవుతాయి, మధ్యలో ఖాళీ ఉందో లేదో కంటికే కనిపిస్తుంది.

ఈ దశలో రెండు దెబ్బలు తగిలాయి.

మొదటిది "మోడల్" అనే మాట. మన కౌంటర్లలో "ఏ మోడల్?" అని అడిగితే "2012" అని జవాబొస్తుంది. "2012 మోడల్ స్విఫ్ట్" అన్నప్పుడు మోడల్ అంటే సంవత్సరమే. అందుకే డేటా ఎక్కించేవాళ్లు `model` కాలమ్‌లో కొన్ని చోట్ల 2012, 2014 అని కొట్టారు. అది వాళ్ల పొరపాటు కాదు, కాలమ్ పేరు తప్పు. ఎంట్రీ షీటులో శీర్షికలు "బండి పేరు", "తయారైన సంవత్సరం" అని మార్చాక ఇది మళ్లీ రాలేదు.

రెండోది పార్ట్ నంబర్లు. సుజుకి స్పార్క్ ప్లగ్గు నంబర్లు 09482తో మొదలవుతాయి. మధ్యలో గీత తీసేసిన జాబితాను నేరుగా తెరిస్తే స్ప్రెడ్‌షీట్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నా కొట్టేస్తుంది. అంకెల మధ్య ఒక్క E ఉన్న నంబర్లయితే ఇంకా ఘోరం. 12E05 అనేది 1.20E+06 అయిపోతుంది, సేవ్ చేశాక వెనక్కి రాదు. చేయాల్సింది:

1. ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. ఇంపోర్ట్ కిటికీలో నంబరు కాలమ్‌ను "టెక్స్ట్" అని ఎంచాకే తెరవాలి.
2. తెరిచాక ఆ కాలమ్‌లో కుడివైపుకు జరిగిన గడులేమైనా ఉన్నాయేమో చూడాలి. కుడికి జరిగిందంటే అంకె అయిపోయిందని గుర్తు.
3. గీతలు, ఖాళీలు తీసేసిన రూపాన్ని వేరే కాలమ్‌లో పెట్టాలి. అసలు నంబరును ముట్టుకోవద్దు.

ఇప్పటికి: బండ్ల వరుసలు 18 (పెట్రోల్ 12, డీజిల్ 6). పార్ట్ కోడ్లు 9. వివరణలు 0.

## దశ 2: "1.2 ఇంజిన్" అంటే ఏది?

సప్లయర్ జాబితాలో ప్లగ్గుల పక్కన ఇంజిన్ అని ఉన్నచోట "1.2" అనో "1.3" అనో మాత్రమే ఉంది. బండ్ల పట్టికలో సీసీ ఉంది కాబట్టి దాన్ని లీటర్లలోకి మార్చి కలిపాం. ఐదు ప్లగ్గులకు 66 వరుసలు వచ్చాయి. సరైన లెక్క 18.

తప్పెక్కడో విప్పి చూస్తే రెండు వేర్వేరు కారణాలు బయటపడ్డాయి.

డీజిల్ D13A ఇంజిన్ 1248 సీసీ. బజారులో అందరూ దాన్ని 1.3 అంటారు. కానీ 1248ని వెయ్యితో భాగించి ఒక దశాంశానికి కుదిస్తే 1.2 వస్తుంది. దాంతో పెట్రోల్ "1.2" ప్లగ్గులన్నీ పోయి డీజిల్ బండ్లకు అతుక్కున్నాయి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గే ఉండదు. లీటర్లను లెక్కగట్టకుండా బజారు పేరును రాసిపెట్టుకుంటే ఇది పోతుంది అనుకున్నాం. అప్పుడు డీజిల్ వెళ్లి పాత 1298 సీసీ పెట్రోల్ G13B పక్కన చేరింది, ఎందుకంటే అదీ 1.3యే. ఇంధనం కాలమ్ కూడా కలిపాకే డీజిల్ పూర్తిగా వదిలింది.

రెండో కారణం అంత తేలిగ్గా వదల్లేదు. K12M, K12N, Z12E మూడూ పెట్రోలే, మూడూ 1197 సీసీయే. కానీ మొదటి రెండు నాలుగు సిలిండర్ల ఇంజిన్లు, 2024 స్విఫ్ట్‌తో వచ్చిన Z12E మూడు సిలిండర్లది. సీసీ ఒకటే, ఇంధనం ఒకటే, బండి పేరు కూడా ఒకటే. ఈ మూడింటిలో దేనితో కలిపినా Z12E ప్లగ్గు 2013 స్విఫ్ట్‌కు, K12M ప్లగ్గు 2024 స్విఫ్ట్‌కు సరిపోతుందని పట్టిక చెబుతూనే ఉంటుంది. బీఎస్ ప్రమాణంతో విడదీయొచ్చేమోనని చూశాం, అదీ కుదరదు. 2019లోనే స్విఫ్ట్ K12M ఇంజిన్‌తో బీఎస్6కు మారింది, తర్వాత వచ్చిన K12N కూడా బీఎస్6యే.

ఒక్కో మార్పు తర్వాత ప్లగ్గుల లెక్క:

| దేనితో కలిపాం | వచ్చిన వరుసలు | తప్పు వరుసలు |
|---|---|---|
| సీసీ నుంచి లెక్కగట్టిన లీటర్లు | 66 | 48 |
| బజారు పేరు (1.2, 1.3) | 48 | 30 |
| బజారు పేరు + ఇంధనం | 42 | 24 |
| ఇంజిన్ కోడ్ | 18 | 0 |

ఇంజిన్ కోడ్ కొనేవాళ్లకు ఎలా తెలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. ఈ కార్లలో దాని మొదటి నాలుగు అక్షరాలే కోడ్: K12M, K12N, D13A, ఇలా. బోనెట్ ఎత్తాల్సిన పని లేదు. వివరణలో "1.2 పెట్రోల్" అన్న మాటను ఉంచాం, జనం వెతికేది ఆ మాటతోనే కాబట్టి. కానీ అది చూపించడానికి మాత్రమే. కలిపేది కోడ్‌తోనే.

సప్లయర్ జాబితాలో కోడ్ లేకపోతే ఏం చేయాలి? ప్లగ్గు తయారీదారు సొంత కేటలాగ్ తీసి, అందులో ఆ ప్లగ్గు పక్కన ఉన్న బండి, సంవత్సరాలు చూసి, మన 18 వరుసల్లో ఏవో ఒక్కొక్కటీ చేత్తో గుర్తించాలి. ఐదు కోడ్లకు ఒక పూట పడుతుంది. దీనికి అడ్డదారి దొరకలేదు.

సంఖ్య ఎక్కడ ఉండాలి. ఇదే దశలో మరొకటి మార్చాం. "4" అనే సంఖ్య మొదట పార్టు వరుసలో ఉండేది: స్పార్క్ ప్లగ్గు అంటే నాలుగు. Z12Eకి నాలుగు ప్లగ్గుల సెట్టు అమ్మితే ఒకటి మిగిలిపోతుంది. సంఖ్య పార్టుకు చెందదు, పార్టూ బండీ కలిసే వరుసకు చెందుతుంది. దాన్ని అక్కడికి మార్చి పక్కనే `unit` అనే కాలమ్ పెట్టాం. ప్లగ్గులకు 4 లేదా 3, `unit` "ముక్క". ప్యాడ్లకు 1, `unit` "సెట్టు", సెట్టులో రెండు ముందు చక్రాలకూ కలిపి నాలుగు ప్యాడ్లు. `unit` లేకపోతే "4 బ్రేక్ ప్యాడ్లు కావాలి" అని చదివి నాలుగు సెట్లు ఆర్డరు పెట్టేవాళ్లు ఉంటారు.

ఇప్పటికి: ప్లగ్గు వరుసలు 18, ప్యాడ్ వరుసలు 18, మొత్తం 36.

## దశ 3: ఖాళీ గడి

ప్యాడ్ల జాబితాలో ఇంజిన్ గడి చాలా చోట్ల ఖాళీ. ప్యాడ్లు ఇంజిన్‌ను బట్టి మారవు కదా, ఖాళీ అంటే "అన్నిటికీ" అనే అర్థమై ఉంటుందని మొదట అలాగే తీసుకున్నాం. ఇది తప్పు పద్ధతి. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ. అదే పేరున్న బండిలో డీజిల్‌కు వేరే ముందు బ్రేకులు ఇచ్చే తయారీదారులు ఉన్నారు. ఖాళీ గడి "అన్నిటికీ" అని చెప్పడం లేదు, "ఎవరూ నింపలేదు" అని మాత్రమే చెబుతోంది. ఒక్కోసారి ఈ రెండూ ఒకటే అవుతాయి, ఒక్కోసారి కావు. గడిని చూసి తేల్చలేం.

అందుకే ఖాళీని పట్టికలోనే నిషేధించాం. ఇప్పుడు గడిలో మూడింటిలో ఒకటి ఉండాలి: ఇంజిన్ కోడ్, లేదా `*` (అన్నిటికీ అని ఆధారం ఉంది), లేదా `?` (తెలియదు).

```sql
engine TEXT NOT NULL
  CHECK (engine IN ('G13B','K12M','K12N','Z12E','D13A','*','?'))
```

`?` ఉన్న వరుస వివరణలోకి వెళ్లదు. ఈ నియమం పెట్టగానే 36లో 7 వరుసలు ఆగిపోయాయి. రెండో తరం ప్యాడ్లవి నాలుగు, నాలుగో తరం ప్యాడ్లవి రెండు. ఇంకొకటి ప్లగ్గుది: K12M ప్లగ్గుల్లో రెండో బ్రాండు జాబితాలో స్విఫ్ట్ మొదటి తరం, మూడో తరం ఉన్నాయి, మధ్యలో రెండో తరం లేదు. ఇంజిన్ ఒకటే కాబట్టి సరిపోయే అవకాశమే ఎక్కువ. అయినా జాబితాలో లేనిదాన్ని మనం ఊహించి ఉందని రాయకూడదు. `?` పెట్టి వదిలేశాం.

రెండో తరం ప్యాడ్ల సంగతి తేలింది. తయారీదారు కేటలాగ్‌లో పెట్రోల్, డీజిల్ వేర్వేరు వరుసలుగా ఉండి రెండింటి పక్కనా ఒకే కోడ్ ఉంది. `*` అనడానికి అది చాలు. అంతకుముందు వెర్నియర్‌తో కొలిచి తేల్చే ప్రయత్నం జరిగింది: పెట్రోల్ బండి నుంచి విప్పిన ప్యాడ్ వెనక రేకు పొడవు, ఎత్తు, మొత్తం మందం కొలిచి కొత్త డబ్బాలోని ప్యాడ్‌తో పోల్చాం. రేకు కొలతలు కలిశాయి. మందం కలవదు, పాతది అరిగి ఉంటుంది. అరుగుదల తెలిపే చిన్న రేకు క్లిప్పు ఏ వైపున ఉందో, రేకు చెవులు క్యాలిపర్ బ్రాకెట్ గాడిలో బిగుతుగా కూర్చుంటాయో లేదో పొడవు, ఎత్తు అంకెల్లో కనపడవు. కొలత "ఇది కాదు" అని తేల్చడానికి పనికొస్తుంది. "ఇదే" అని తేల్చడానికి చాలదు.

ఇప్పటికి: ప్రచురించదగ్గ వరుసలు 33. ఆగినవి 3.

## దశ 4: వరుసలను వాక్యంగా కుదించడం

ఆరు వరుసలున్న ప్లగ్గుకు ఆరు వాక్యాలు రాస్తే ఎవరూ చదవరు. "స్విఫ్ట్, 2010 నుంచి 2021" అని కుదించాలి. మొదట రాసింది బండి పేరు వారీగా అతి చిన్న సంవత్సరం, అతి పెద్ద సంవత్సరం తీసుకునే కోడ్. అది రెండో బ్రాండు ప్లగ్గుకు కూడా "2010 నుంచి 2021" అనే రాసింది. మనం `?` పెట్టి ఆపిన రెండో తరం, అంటే 2011 నుంచి 2018, వాక్యంలోకి వెనక దారిన వచ్చేసింది. పట్టికలో ఎంత జాగ్రత్తపడినా కుదింపు దగ్గర దాన్నంతా పారబోశాం.

మార్చిన పద్ధతి: బండి పేరు, ఇంజిన్ కోడ్, సంఖ్య మూడూ ఒకటైన వరుసలనే ఒక గుంపు చేయాలి. గుంపులో కూడా ఒకదానికొకటి ఆనుకున్న కాలాలనే కలపాలి. నెలను ఒకే పూర్ణాంకంగా మార్చుకుంటే (సంవత్సరం × 12 + నెల − 1) పని సులువు:

```python
def merge(spans):
    out = []
    for a, b in sorted(spans):
        if out and a <= out[-1][1]:
            out[-1][1] = max(out[-1][1], b)
        else:
            out.append([a, b])
    return out
```

ఇప్పుడు రెండో బ్రాండుకు రెండు వేర్వేరు కాలాలు వస్తున్నాయి, మధ్యలో ఖాళీ ఉంటోంది.

దీని వెంటే ఇంకో చిన్న తప్పు దొరికింది. G13B స్విఫ్ట్ "2011 వరకు" అని వచ్చింది. `to` విలువ 2011-01, అది లెక్కలోకి రాని నెల, చివరి నెల 2010 డిసెంబరు. అచ్చు వేసే ముందు ఒక నెల తగ్గించాలి. `to` జనవరి అయిన వరుసల్లోనే ఈ తప్పు బయటపడుతుంది, మిగతా వాటిలో దాగి ఉంటుంది. కాబట్టి పరీక్షకు అలాంటి వరుస ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి.

బండి పేరును పోల్చే చోట కూడా ఒకటి దాగి ఉంది. 2017కు ముందు డిజైర్ అధికారిక పేరు "స్విఫ్ట్ డిజైర్". `LIKE '%Swift%'` అని వెతికితే స్విఫ్ట్‌తో పాటు పాత డిజైర్లూ వస్తాయి. మా ప్యాడ్ల జాబితాలో ఒకే కోడ్ రెండు బండ్లకూ ఉంది కాబట్టి ఫలితం సరిగ్గానే కనిపించింది. పరీక్ష కోసం స్విఫ్ట్ టెయిల్ ల్యాంప్ ఒకటి ఎక్కించినప్పుడే అది డిక్కీ ఉన్న డిజైర్‌కు కూడా సరిపోతుందని వచ్చి దొరికిపోయింది. పేరుతో వెతకడం పూర్తిగా తీసేసి `veh_id`తోనే కలుపుతున్నాం.

## దశ 5: సరిహద్దు సంవత్సరాలు

అమెరికాలో పార్టుల ఫిట్‌మెంట్ డేటాకు వాడే ఏసెస్ ప్రమాణంలో సంవత్సరం, కంపెనీ, మోడల్ కలిపి ఒక మూల బండి. అక్కడ మోడల్ ఇయర్ అనేది తయారీదారు ప్రకటించే విషయం కాబట్టి ఆ పునాది నిలుస్తుంది. ఇక్కడ "2018 స్విఫ్ట్" అంటే 2018లో రిజిస్టరైన బండి కావచ్చు. 2017 డిసెంబరులో తయారై షోరూంలో ఉండి మార్చిలో రోడ్డెక్కిన రెండో తరం స్విఫ్ట్ కూడా యజమాని నోట 2018 మోడలే. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం వేరుగా ఉంటాయి. వివరణలో ప్రతిచోటా "తయారైనవి" అనే రాస్తున్నాం.

అదొక్కటే చాలదు. పట్టికలో మనం రాసుకున్న నెలలు బండి విడుదలైన నెలలు. ఫ్యాక్టరీలో తయారీ అంతకుముందే మొదలవుతుంది. అందుకని నెల కచ్చితత్వం ఉన్న వరుసలకు (`prec` = M) ఇంజిన్ లేదా తరం మారే సరిహద్దు దగ్గర రెండు వైపులా మూడేసి నెలలు సాగదీశాం. K12M స్విఫ్ట్ 2021 ఏప్రిల్ దాకా, K12N స్విఫ్ట్ 2020 నవంబరు నుంచి. సంవత్సరం మాత్రమే తెలిసిన వరుసలు (`prec` = Y) ఆ ఏడాదంతా ఒకదానిపై ఒకటి పడతాయి: 2010లో G13B, K12M రెండూ ఉన్నట్టే. వరుసలు ఒకదానిపై ఒకటి పడటం తప్పు కాదు, మనకు తెలిసింది అంతే అని అది చెబుతుంది. తప్పల్లా ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పకపోవడం.

కాబట్టి వివరణలో "చూసి కొనాల్సినవి" అనే పంక్తి ఒకటి వచ్చింది. ఒక ఏడాదిలో అదే బండికి, అదే ఇంధనంతో ఈ పార్టు సరిపోని రెండో వరుస కూడా వర్తిస్తే ఆ ఏడాది ఈ పంక్తిలోకి చేరుతుంది, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు చూడమంటుంది.

ప్యాడ్లకు వచ్చేసరికి ఈ పంక్తి పనికిమాలిన సలహా ఇచ్చింది. రెండో తరం, మూడో తరం స్విఫ్ట్ రెండింటిలోనూ ఉన్నది K12Mయే. 2018 బండి యజమాని ఇంజిన్ నంబరు చూసి ఏం తెలుసుకుంటారు? సరిహద్దుకు రెండు వైపులా ఉన్న వరుసలు ఏ కాలమ్‌లో తేడాగా ఉన్నాయో చూసి, ఆ తేడాను పట్టించే గుర్తునే అడగాలి. ఇంజిన్ తేడా అయితే ఇంజిన్ నంబరు. తరం తేడా అయితే కంటికి కనిపించే ఒక గుర్తు. స్విఫ్ట్‌లో అది తేలిక: మూడో తరంలో వెనక తలుపు హ్యాండిల్ తలుపు మీద ఉండదు, పైన కిటికీ వెనక నల్లటి స్తంభంలో కలిసిపోయి ఉంటుంది. రెండో తరంలోనూ నాలుగో తరంలోనూ తలుపు మీదే. ఇలాంటి గుర్తులు `cue` అనే చిన్న పట్టికలో ఉంటాయి, సరిహద్దుకు ఒకటి.

డిజైర్‌కు తరం గుర్తు మరీ అవసరం. 2017లో కొత్త డిజైర్ వచ్చాక కూడా రెండో తరం బండిని టాక్సీల కోసం టూర్ పేరుతో అమ్మారు. 2018లో తయారైన డిజైర్ అంటే రెండు ఆకారాల్లో ఏదైనా కావచ్చు, సరిహద్దు నెలలకు దూరంగా ఉన్నా సరే. టూర్‌ను వేరే బండి పేరుగా ఎక్కించేదాకా డిజైర్ ప్యాడ్ల వివరణలో 2017 తర్వాతి బండ్లన్నిటికీ "టూర్ అయితే ఛాసిస్ నంబరుతో అడగండి" అని ఉంచాం.

ఇప్పటికి: వరుసలు మారలేదు, 33. గుర్తుల పట్టిక కొత్తది.

## దశ 6: తెలుగు వాక్యం

ఇంగ్లీషు మూసలో పేరు వేసి వదిలేస్తే సరిపోయే చోట తెలుగులో పేరు చివర ప్రత్యయం అతుక్కుంటుంది. "స్విఫ్ట్" పక్కన నేరుగా "కు" చేరిస్తే పొల్లు, కకారం కలిసి వింత ఒత్తు తయారవుతుంది, ట కింద క చేరిపోతుంది. మధ్యలో కనిపించని విడదీసే అక్షరం U+200C పెట్టాలి. ఇంకోటి కి, కు తేడా: ఇకారంతోనో ఐత్వంతోనో ముగిసే పేర్లకు "కి" (జిమ్నీకి, ఓమ్నికి), మిగతావాటికి "కు" (బలెనోకు, ఎర్టిగాకు).

```python
import unicodedata

def ku(name):
    name = unicodedata.normalize("NFC", name).rstrip("\u200c ")
    if name.endswith(("ి", "ీ", "ై")):
        return name + "కి"
    if name.endswith("\u0c4d"):
        return name + "\u200c" + "కు"
    return name + "కు"
```

`normalize` ఎందుకంటే, ఐత్వం రెండు రకాలుగా టైపై ఉండొచ్చు: ఒకే అక్షరంగా, లేదా ఎత్వం కింద వేరే గుర్తుగా. కంటికి ఒకేలా కనిపిస్తాయి, `endswith` మాత్రం రెండోదాన్ని గుర్తుపట్టదు. `rstrip` ఎందుకంటే, ఎక్కడి నుంచో కాపీ చేసిన పేరు చివర ఆ కనిపించని అక్షరం ముందే ఉండొచ్చు.

వెతుకులాటలో ఇదే అక్షరం ఎదురు తిరిగింది. వివరణలో "స్విఫ్ట్‌కు" ఉంది, వెతికేవాళ్ల కీబోర్డు ఆ అక్షరం పెట్టలేదు, ఫలితం సున్నా. వెతికే సూచికలోకి వెళ్లే ప్రతిలోనూ వెతికే మాటలోనూ U+200C తీసేయాలి. చూపించే ప్రతిలో ఉంచాలి.

బహువచనానికి సూత్రం రాసే ప్రయత్నం మానుకున్నాం. ప్లగ్గు, ప్లగ్గులు, ఫిల్టరు, ఫిల్టర్లు, సెట్టు, సెట్లు. పార్టు రకాలు పదుల్లోనే ఉంటాయి. రెండు రూపాలనూ పట్టికలో రాసిపెట్టుకోవడం సూత్రం కంటే నమ్మకమైనది.

"2021 వరకు" అన్న మాట కూడా ఇబ్బంది పెట్టింది. 2021 లోపలా బయటా అని ఇద్దరు రెండు రకాలుగా చదివారు. "2010 నుంచి 2021 దాకా, 2021 కూడా కలిపి" అని రాసే పద్ధతి పెట్టాం. కాస్త పొడవే, కానీ అడిగే ప్రశ్న ఒకటి తగ్గింది. ఇంకా తయారవుతున్న బండికి "ఇప్పటి వరకు" అని రాయకూడదు, పేజీ పాతబడ్డా ఆ మాట తాజాగానే కనిపిస్తుంది. "2024 నుంచి" అని రాసి, జాబితా చూసిన నెలను చివర వేస్తున్నాం.

మొదటి బ్రాండు K12M ప్లగ్గుకు పట్టిక నుంచి వచ్చిన వివరణ:

> స్పార్క్ ప్లగ్గు. ఒక ఇంజిన్‌కు 4 ప్లగ్గులు కావాలి. ధర ఒక ప్లగ్గుకు.
> సరిపోయేవి: 1.2 పెట్రోల్, K12M ఇంజిన్ ఉన్న మారుతి స్విఫ్ట్‌కు (2010 నుంచి 2021 దాకా తయారైనవి, 2021 కూడా కలిపి), మారుతి డిజైర్‌కు (2010 నుంచి 2020 దాకా, 2020 కూడా కలిపి).
> చూసి కొనాల్సినవి: స్విఫ్ట్ 2010, 2020, 2021, డిజైర్ 2010, 2019, 2020. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు K12Mతో మొదలైతేనే తీసుకోండి.
> సరిపోనివి: K12N, Z12E ఇంజిన్లు. ఇవీ 1.2 పెట్రోల్ పేరుతోనే ఉంటాయి.

చివరి పంక్తి ప్రతిసారీ రాదు. అదే బజారు పేరున్న వేరే ఇంజిన్ పట్టికలో ఉంటేనే వస్తుంది. G13B ప్లగ్గుకు 1.3 పేరుతో ఉన్నది డీజిల్ కాబట్టి అక్కడ "డీజిల్‌కు కాదు" అని వచ్చింది.

## దశ 7: తిరగేసి చదివించడం

వాక్యాలను కళ్లతో చూసి సరే అనుకోవడం మొదటి రెండు రన్లలో మోసం చేసింది. ఇప్పుడు వివరణను వేరే చిన్న కోడ్ చదివి బండి, ఇంజిన్, సంవత్సరం మూడు ముక్కలుగా విడగొడుతుంది, వాటిని పట్టికతో పోలుస్తుంది. రాసే కోడ్‌లోని ఏ ఫంక్షనూ ఇందులో వాడకూడదు, వాడితే ఒకే తప్పు రెండు చోట్లా ఉండి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. చూసేవి:

1. వాక్యంలో ఉండి పట్టికలో లేని ఏడాది ఒక్కటి ఉన్నా వివరణ ఆగిపోవాలి.
2. పట్టికలో ఉండి వాక్యంలో లేని ఏడాదికి హెచ్చరిక చాలు.
3. పన్నెండు నెలలూ నిండని ఏడాది "చూసి కొనాల్సినవి" పంక్తిలో లేకపోతే ఆగిపోవాలి.

మూడో నియమం మొదటి రన్‌లోనే 2005 స్విఫ్ట్‌ను పట్టుకుంది. ఆ బండి మొదలైందే మేలో, అంతకుముందు వేరే స్విఫ్ట్ లేదు, కాబట్టి హెచ్చరిక అనవసరం. ఒక బండి మొదటి వరుస మొదటి ఏడాదికి ఈ నియమం వర్తించకుండా మినహాయింపు రాశాం.

ఇప్పటికి: పార్ట్ కోడ్లు 9, తయారైన వివరణలు 8, వాటి వెనక వరుసలు 33. ఆగినవి 3: నాలుగో తరం ప్యాడ్లవి రెండు, అందుకే ఆ కోడ్‌కు వివరణే లేదు, రెండో బ్రాండు ప్లగ్గుకు రెండో తరం స్విఫ్ట్ ఒకటి.

తర్వాత ఎక్కించాల్సినవి ఆయిల్ ఫిల్టర్లు. D13A ఇంజిన్ మూలం ఫియట్ మల్టీజెట్. అదే 1248 సీసీ కుటుంబం ఫియట్ పుంటో, లీనియాల్లోనూ టాటా విస్టా, మాంజాల్లో క్వాడ్రాజెట్ పేరుతోనూ ఉంది. అక్కడ ఇంజిన్ నంబరు D13Aతో మొదలవదు. ఇంజిన్ కోడ్ కాలమ్ పక్కన "ఇంజిన్ కుటుంబం" అనే కాలమ్ పెట్టి, కుటుంబం ఒకటైనంత మాత్రాన వరుస దానంతట అది పుట్టకుండా `?`తోనే మొదలయ్యేలా కట్టాలి.